ఏడుకొండలు వంతు

కొల్లేరు పక్కన చేపల చెరువు కాపలా షెడ్డులో ముగ్గురికీ కలిపి ఒకటే ఫోను. సినిమాలు, సీరియళ్లు చూసే యాప్‌లన్నీ ఒకేసారి కొంటే జీతం నీళ్లపాలే, ఆ నీళ్లలో చేపలు కూడా ఉండవు. అందుకని నెలకొక యాప్, నెలకొకరి వంతు. వంతు ఎవరిదైతే వారు కోరిన కథ ఉన్న యాప్‌కే చందా. వచ్చే నెల డబ్బు దానంతటదే కోసుకోకుండా, కట్టిన రోజే ముగ్గురిలో ఏడుకొండలు ఆటోపే రద్దు చేసేవాడు. “రద్దు చేసినా గడువు దాకా నడుస్తాదిరా,” అనేవాడు.

అతను కోరేవన్నీ ఏడుపు సీరియళ్లే. “నీ పేరులోనే ఏడుపుంది,” అని మిగతా ఇద్దరూ ఏడిపించేవారు. ఇష్టమైన సీరియల్ భాగాలన్నీ వచ్చేదాకా ఆగి, ఈ నెల వంతు తీసుకున్నాడు. పోయిన వారం చెరువులో నీళ్లకు గాలి పట్టించే ఏరియేటర్ మోటారు కరెంటు కొట్టి చనిపోయాడు.

“క్రికెట్ వచ్చే యాప్ కట్టు బావా,” అన్నాడు స్వామి.

“ఈ నెల వాడిదిరా,” అన్నాడు ముత్యాలరాజు.

“చూడ్డానికి వాడేడీ?”

“మనం చచ్చామేంటి?”

ఆ మాటకి ఇద్దరూ తలలు దించుకున్నారు. ఏడుకొండలు కోరిన సీరియల్‌కే చందా కట్టి, రోజూ అన్నాలయ్యాక చూశారు. ఒక్క జోకూ పేలలేదు. ఆఖరి భాగంలో స్వామి తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

అప్పుడు గుర్తొచ్చింది, రద్దు చేయడం మరిచారని. అది ఏడుకొండలు పని. ముత్యాలరాజు తడుముకుంటూ రద్దు నొక్కాడు. గడువు తేదీ దాకా చూడొచ్చని ఫోను చెప్పింది.

“దీనికైతే గడువిచ్చారు బావా,” అన్నాడు స్వామి.

ముత్యాలరాజు ఫోను బోర్లా పెట్టి, టార్చి తీసుకుని చెరువు గట్టెక్కాడు.