పచ్చని చేను షాట్

నల్లమాడ దగ్గరి తమ ఊరిని కరువు జాబితాలో చేర్చమని రైతు కదిరమ్మ అడిగే వీడియో అది. మధ్యాహ్నమే అధికారికి చూపించాలి. నేను ఎడిటింగ్‌లో దగ్గు, ఏడుపు తీసేసిన ప్రతిచోటా ఆమె తల గబుక్కున ఎగురుతోంది. ఆ అతుకు కనబడకుండా వేరే దృశ్యం వేయాలి. మాట మాత్రం ఆగకుండా వినబడాలి.

"చేను షాట్ వెయ్యన్నా," అన్నాడు కెమెరామన్ శశికుమార్.

వేశాను. "ఒక్క కాయ లేదు నాయనా" అని ఆమె అంటుంటే తెర నిండా పచ్చని వేరుశనగ ఊగుతోంది. ఆలస్యంగా పడిన వానకు ఆకు పచ్చబడిందే కానీ, అప్పటికే నేలలోకి దిగి కాయ పట్టాల్సిన ఊడలు ఎండిపోయాయి.

"చెట్టు పీకి కింద వేర్లు తీయలేదా?"

"చూసేకి బాగుండాదని పైనే తీసినా. మళ్లీ పోదామంటే చేన్లోకి గొర్రెల్ని తోలేసినారంట."

"ఆమె చేతులన్నా తీసినావా?"

"ముఖం ఒకటే అన్నా."

ఆ పచ్చదనం ఆమె మాటను అబద్ధం చేస్తుంది. తీసేశాను. అతుకులు అలాగే ఉండిపోయాయి.

మధ్యాహ్నం ఆఫీసులో వీడియో చూస్తూ, రెండోసారి తల ఎగరగానే అధికారి ఆపమన్నాడు.

"ఈడ ఏం కోసినారు?"

"దగ్గు సార్."

"దగ్గో, మీకు పనికిరాని మాటో!"

"మొత్తం టేపు తెస్తాను సార్."

"జాబితా ఇప్పుడే పోతాంది. నాకాడ టైం లేదప్పా," అని లేచాడు.

మాతో వచ్చి పక్కన కూర్చున్న కదిరమ్మ నా వైపు తిరిగింది.

"నా దగ్గు ఎందుకు తీసినావు నాయనా? ఉంటే ఏమయ్యేది?"