నాలుగో అంశం ఎవరిది?

మార్చి ముప్పయ్యో తారీఖు సోమవారం ఉదయం ముంబయి కొనుగోలుదారు నుంచి మెయిల్ వచ్చింది. "మీ పన్నెండు తోటల అవశేష పరీక్ష రిపోర్టులు ఇంకా అందలేదు. ఏప్రిల్ ఎనిమిదిలోగా అందకపోతే మొదటి కన్‌సైన్‌మెంట్‌కి వేరే చోట కాయ చూసుకుంటాం."

మాధురి ఆ మెయిల్ రెండుసార్లు చదివింది. నూజివీడు దగ్గర మామిడి రైతుల కంపెనీలో ఆమె ఆఫీసు సెక్రటరీ. మార్చి అయిదున జరిగిన మీటింగులో ఈ పని ఎవరికి అప్పగించారో ఆమెకు బాగా గుర్తుంది. కాయల మీద పురుగుమందు ఆనవాళ్ళున్నాయో లేవో తేల్చడానికి, ప్రతి తోట నుంచీ నమూనాలు కోసి మార్చి ఇరవై అయిదుకల్లా హైదరాబాద్ ల్యాబుకి పంపాలి. బాధ్యుడు ఫీల్డ్ ఆఫీసర్ కిషోర్ బాబు. ఆ సాయంత్రమే ఆమె మినిట్స్ మెయిల్ చేసింది. తీసుకున్న నిర్ణయాలు, ఏ పని ఎవరిది, ఏ తేదీకల్లా అయిపోవాలి, అన్నీ ఒక పట్టికలో పెట్టి, కింద ఎప్పుడూ రాసే వాక్యం రాసింది: సవరణలుంటే మూడు రోజుల్లో అందరికీ తెలపాలి, లేకుంటే ఆమోదించినట్టే.

కిషోర్‌కి ఫోన్ చేసింది.

"కిషోర్ గారూ, శాంపిల్స్ పంపారా అండీ?"

"శాంపిల్సా? అవి సలోమోను గారివి కదా మేడమ్."

"కాదండీ, మీవే. మినిట్స్‌లో నాలుగో అంశం చూడండి."

"చూసే చెప్తున్నా. ప్రింట్ నా దగ్గరుంది. తీసుకొస్తా ఉండండి."

మాధురి సెంట్ ఫోల్డర్ తెరిచింది. నాలుగో అంశం, బాధ్యులు: కిషోర్ బాబు. గడువు: మార్చి 25. అరగంటలో ఆయన వచ్చి టేబుల్ మీద కాగితం పరిచాడు. అదే పట్టిక, అవే ఏడు అంశాలు. నాలుగో అంశంలో మాత్రం సలోమోను పేరుంది.

చాట్రాయి వైపు రైతులకు పెద్దదిక్కుగా ఉండే డైరెక్టర్ సలోమోనుకి మెయిల్ లేదు. ఆయనకి మాధురే ప్రింట్ తీసి ఇస్తుంది. ఫోన్ చేయగానే ప్లాస్టిక్ కవర్లో పెట్టుకున్న కాగితంతో మోటార్ సైకిల్ మీద వచ్చాడు. అందులో కిషోర్ పేరే ఉంది.

"ఇదేంటమ్మా? ఆయనకొక కాగితం, నాకొక కాగితమా?"

మధ్యాహ్నానికి చైర్మన్ రాఘవయ్య కూడా వచ్చాడు. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని కళ్ళజోడు సర్దుకున్నాడు. "రాసింది నువ్వే కదమ్మా మాధురీ," అన్నాడు మెల్లగా. గొంతు పెంచలేదు. అందుకే ఆ మాట మరింత గుచ్చుకుంది. గదిలో ముగ్గురూ ఆమె వైపే చూశారు. ఆ చూపుల్లో ఒకటే ప్రశ్న: ఎవరి కోసం మార్చావ్?

"నేను ఒక్కటే రాశానండీ," అంది. నమ్మినట్టు ఎవరూ తలూపలేదు.

వాళ్ళు వెళ్ళాక మాధురి ఆలోచనంతా ఒక్కచోట తిరగడం మొదలైంది. తను మార్చలేదు. అయితే తన మెయిల్ తెరవగలిగేది ఎవరు? ఆఫీసు కంప్యూటర్ పాస్‌వర్డ్ తెలిసింది ఇంకొక్కరికే, ప్యాక్‌హౌస్ ఇన్‌ఛార్జ్ అన్నపూర్ణకి. మీటింగ్ మర్నాడే మాధురి పాపకి జ్వరమొచ్చి నాలుగు రోజులు సెలవు పెట్టింది. ఆ నాలుగు రోజులూ ఆఫీసు అన్నపూర్ణే చూసింది. కిషోర్‌తో బాగానే మాట్లాడుతుంది. నాలుగేళ్ళుగా ఒకే డబ్బాలో భోజనం చేసిన మనిషి. అయినా అనుమానం మనిషిని చూసుకుని వస్తుందా?

ప్యాక్‌హౌస్‌లో అన్నపూర్ణ వేడినీళ్ళ ట్యాంకు పక్కన నిలబడి ఉంది. కాయల్లో ఈగ గుడ్లు చావాలని వాటిని ఆ నీళ్ళలో ఉంచుతారు. ఉష్ణోగ్రత ఒక్క డిగ్రీ తప్పినా చిక్కే. అందుకే థర్మామీటరు సరిచూడటం ఆమె పేరుతో మినిట్స్‌లో ఉంది. గడువుకి రెండు రోజుల ముందే చేయించింది.

"అన్నపూర్ణా, నేను సెలవులో ఉన్నప్పుడు నా మెయిల్ తెరిచావా?"

"తెరిచా. బాక్సుల వాళ్ళ మెయిల్ చూడమని నువ్వే కదా ఫోన్ చేసి చెప్పావ్?"

"మినిట్స్‌లో ఏమైనా ముట్టుకున్నావా?"

అన్నపూర్ణ చేతిలోని గుడ్డ ట్యాంకు అంచు మీద పెట్టింది. "ముట్టుకోవడమంటే? మార్చానా అని అడుగుతున్నావా?"

"అడగాలి కదా."

"అడిగావుగా. లేదు."

ఆఫీసుకి తిరిగొచ్చిన మాధురికి కిషోర్ వదిలి వెళ్ళిన ప్రింట్ కంటబడింది. ఈసారి పట్టిక కాకుండా కాగితం పై అంచు చూసింది. పంపినవారి దగ్గర తన పేరు లేదు. కిషోర్ బాబు అని ఉంది. తేదీ మార్చి ఏడు.

చటుక్కున మెయిల్ తెరిచి, మినిట్స్ కింద మడతపడి ఉన్న జవాబులన్నీ విప్పింది. మొదట ఒక డైరెక్టర్ "ధన్యవాదాలు" అన్నాడు. చివర మరొకరు "చూశాను" అన్నారు. ఆ రెంటి మధ్య కిషోర్ అందరికీ పంపిన జవాబు: "నాలుగో అంశంలో సవరణ. నమూనాల సేకరణ రైతు గ్రూపుల ద్వారా జరగాలి కాబట్టి బాధ్యులు సలోమోను గారు. సవరించిన పట్టిక కింద ఉంది." ఎవరూ కాదనలేదు. మూడు రోజులు గడిచాయి. సెలవు నుంచి వచ్చాక రెండువందల మెయిళ్ళలో, పైన కనబడ్డ "చూశాను" చదివి, కింద అన్నీ అలాంటివే అనుకుని మాధురి ముందుకెళ్ళిపోయింది.

దొంగతనంగా ఎవరూ ఏమీ మార్చలేదు. అందరి కళ్ళముందే మార్చాడు. మెయిల్ లేని ఒక్క మనిషి నెత్తిన పెట్టాడు.

కిషోర్‌కి ఫోన్ చేసి అదే అడిగింది.

"రూల్ ప్రకారమే చేశా మేడమ్. అభ్యంతరం ఉంటే చెప్పాల్సింది."

"సలోమోను గారికి ఒక మాట చెప్పారా?"

"మినిట్స్ ఆయనకి ఇచ్చేది మీరు కదా," అన్నాడు.

అది నిజమే కావడం ఆమెకు మరీ కష్టంగా అనిపించింది. కానీ ఇంకో ప్రశ్న మిగిలే ఉంది. రెండు రోజులు తోటలు తిరిగితే అయిపోయే పని. దాన్ని వదిలించుకోవడానికి అంత శ్రమ ఎందుకు పడ్డాడు?

ల్యాబుకి అయిదు పని దినాలు కావాలి. అంటే నమూనాలు మర్నాడే బయలుదేరాలి. మంగళవారం తెల్లవారగానే సలోమోను, మాధురి ఒక జీపులో కిషోర్‌ని కూడా ఎక్కించుకున్నారు. ఒక్కో తోటలో నాలుగు మూలలా, మధ్యలో వేర్వేరు చెట్ల నుంచి పన్నెండు కాయలు కోసి, కొత్త సంచిలో వేసి, రైతు నంబరు, తేదీ రాసి సీలు వేశారు. ప్రతి సంచికీ మాధురి ఫారం నింపింది. మధ్యాహ్నం మూడింటికి పదకొండు తోటలు అయ్యాయి.

"విస్సన్నపేట రోడ్డులో చైర్మన్ గారి తోట మిగిలింది," అన్నాడు సలోమోను.

"అది పోయినేడు చేయించాం కదండీ, క్లీన్‌గా వచ్చింది. టైం లేదు, బస్సు పార్సిల్ ఆఫీసుకి పోదాం," అన్నాడు కిషోర్.

సలోమోను అతని మొహంలోకి చూశాడు. తర్వాత డ్రైవర్ భుజం తట్టాడు. "విస్సన్నపేట రోడ్డుకే పోనీ."

తోటలో కాపలా ఉండే బసవమ్మ రాలిన పిందెలు ఏరి గోనెలో వేస్తోంది. సలోమోను కాయలు కోస్తూ మామూలుగా అడిగినట్టే అడిగాడు. "పూత బాగా నిలిచిందే బసవమ్మా. మందేమైనా కొట్టారా?"

"కొట్టారు కదయ్యా, ఉగాదికి మూడ్రోజుల ముందు. తేనెమంచు పురుగు పట్టిందని ఈ సారుగారే దగ్గరుండి కొట్టించారు." కిషోర్ వైపు చెయ్యి చూపించింది. అందులో దాచాల్సింది ఉందని ఆమెకు తెలియదు.

అదే మీటింగులో రెండో నిర్ణయం, మార్చి పదో తారీఖు తర్వాత ఎగుమతి తోటల్లో మందు కొట్టకూడదని. కొట్టిన ప్రతి మందూ రాయాల్సిన తోట స్ప్రే రిజిస్టర్‌ని మాధురి తిరగేస్తే, ఆ రోజు రాతేమీ లేదు.

జీపు దగ్గరికి నడుస్తుంటే కిషోర్ నోరు విప్పాడు. "చైర్మన్ గారు మీటింగ్ మర్నాడే అన్నారు, పురుగు ఎక్కువైతే ఒక్క కొట్టు కొట్టాల్సొస్తుందని. ఆయన అడిగితే ఎలా కాదంటానండీ? నమూనా నా చేతుల మీదుగా పోతే రిపోర్టు మీద నా సంతకం ఉంటుంది."

"అందుకని నా సంతకం పెట్టిద్దామనుకున్నావా?" అన్నాడు సలోమోను. కిషోర్ తల దించుకున్నాడు.

పన్నెండో సంచి కూడా ఆ సాయంత్రం బస్సు ఎక్కింది.

ఏప్రిల్ ఏడున రిపోర్టులు వచ్చాయి. పదకొండు తోటలు పరిమితిలోపే ఉన్నాయి. రాఘవయ్య తోటలో మందు పరిమితి దాటింది. మాధురి పదకొండు రిపోర్టులూ కొనుగోలుదారుకి పంపి, పన్నెండో తోట ఈ లాట్‌లో లేదని రాసింది. అటునుంచి సరేనని జవాబొచ్చింది.

మర్నాడు మీటింగ్. రాఘవయ్య తోటని ఆ సీజన్ ఎగుమతి నుంచి తప్పించాలని ప్రతిపాదన వచ్చింది. ఆయనే గొంతు సవరించుకున్నాడు. "కొట్టించింది నేనే. పేర్లు మార్చిన సంగతి మాత్రం నాకు తెలీదు." నమ్మాలో లేదో ఎవరికీ అంతుబట్టలేదు. "ఏమని రాయమంటారండీ?" అని మాధురి అడిగింది. "జరిగింది రాయమ్మా," అన్నాడు, కిటికీలోంచి బయటికి చూస్తూ.

ఆ రోజు ఆమె లేవబోతున్న వాళ్ళని ఆపింది. పట్టికలోని ఒక్కో అంశం పైకి చదివింది. పని ఎవరిదో వాళ్ళే తమ నోటితో ఒప్పుకోవాలి, గడువు వాళ్ళే చెప్పాలి. ఇకమీదట సవరణ ఏదైనా మెయిల్లో జవాబుగా చెల్లదని, సెక్రటరీ కొత్త మినిట్స్ పంపి, మెయిల్ లేనివాళ్ళకి చదివి వినిపించాకే లెక్కలోకి వస్తుందని అదీ ఒక నిర్ణయంగా రాయించింది. స్ప్రే రిజిస్టర్ల తనిఖీ కిషోర్ వంతుకి వచ్చింది. "ఏప్రిల్ పదిహేను," అన్నాడు కిషోర్, వినీవినపడనట్టు. "గట్టిగా చెప్పు బాబూ," అన్నాడు సలోమోను. కిషోర్ గట్టిగా చెప్పాడు.

సాయంత్రం మెయిల్ పంపాక మాధురి ప్యాక్‌హౌస్‌కి నడిచింది. అన్నపూర్ణ క్రేట్లు లెక్క చూసుకుంటోంది.

"తప్పు నాదే అన్నపూర్ణా. జవాబులు విప్పి చూసుంటే నిన్ను అడిగేదాన్నే కాదు."

"కిషోర్ అడిగుంటే నవ్వి ఊరుకునేదాన్ని," అంది అన్నపూర్ణ, తలెత్తకుండా. "నువ్వు అడిగావ్."

"మనసులో పెట్టుకోకు."

"పెట్టుకోను. కానీ నీ పాస్‌వర్డ్ మార్చుకో. కొత్తది నాకు చెప్పొద్దు."

మాధురి ఆఫీసుకి వచ్చి, కంప్యూటర్ ముందు కూర్చుని, పాస్‌వర్డ్ మార్చింది.