నాలుగో పేజీలో మనుషుల పట్టిక

బ్యాంకు లోనంటే రెండు సంతకాలు గీకి డబ్బు సంచిలో వేసుకు రావడం అనుకునే వాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. నలభై రోజులు తిరిగాను నేను. చెప్పులూ అరిగాయి, నోరూ అరిగింది.

మాది గ్లౌజులు కుట్టే యూనిట్. ఫ్యాక్టరీల్లో ఇనుమూ ఇటుకలూ మోసేవాళ్లు తొడుక్కునే మందపాటి గుడ్డ గ్లౌజులు. ఇంటి వెనక రేకుల షెడ్డు, అందులో ఆరు కుట్టుమిషన్లు, ఓ పొడవాటి కటింగ్ బల్ల. కాగితాల మీద ఓనర్ని నేనే. గుడ్డ తేవడం, సరుకు అప్పగించి రావడం మా ఆయన పని. కటింగ్ మా వదిన చూస్తుంది. వదినంటే మా ఆయన అక్క. భర్త పోయాక తమ్ముడి దగ్గరికి వచ్చేసింది. నేను కాపురానికి వచ్చేసరికే ఆ బల్ల దగ్గర నిలబడి గుడ్డ మీద సుద్దతో గీతలు గీస్తోంది. పందొమ్మిదేళ్లయింది. ఇంకా అక్కడే నిలబడి గీస్తోంది.

ఈ ఏడు ఓ పెద్ద కంపెనీ మాకు లెటర్ ఇచ్చింది. ఇప్పుడిచ్చేదానికి రెట్టింపు సరుకు ఇవ్వగలిగితే ఆర్డరు మాకేనట, మూడు నెలల్లో మొదలుపెట్టాలట. అలా ఇవ్వాలంటే ఇంకో ఆరు కుట్టుమిషన్లు కావాలి. అచ్చు పెట్టి ఒక్క దెబ్బకి పది పొరల గుడ్డ కోసే ప్రెస్సు కూడా కావాలి. లోన్ రాకపోతే ఆర్డరు పక్క వీధి వాడికి పోతుంది. వాడు ఎదురుపడి మరీ నవ్వాడు. ఆ నవ్వు చూశాక నాకు పట్టుదల పెరిగింది.

ప్రాజెక్టు రిపోర్టు రాయడానికి బ్యాంకులో పనిచేసి రిటైరైన ఒకాయన్ని పట్టుకున్నాను. మా పక్కన అందరూ ఆయన్ని రిపోర్టులాయన అంటారు. మిషన్ల కొటేషన్లు అడిగాడు, కరెంటు లోడు అడిగాడు, కంపెనీ లెటరు చూశాడు. ఆఖరికి మనుషుల పట్టిక దగ్గరికి వచ్చాడు.

"కుట్టేవాళ్లు ఆరుగురు, ప్యాకింగ్‌కి ఇద్దరు. కటింగ్ ఎవరమ్మా?"

"మా వదినండీ. ఇంట్లో మనిషే."

"జీతం?"

"ఇంట్లో మనిషికి జీతమేంటండీ, విడ్డూరం కాకపోతే!"

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "రేపు ఆవిడ లేకపోతే ఆ పని చేసేవాళ్లకి ఎంతివ్వాలో, అది రాస్తే మంచిదమ్మా."

"ఆవిడ ఎక్కడికి పోతుందండీ, మీరు మరీనూ!" అని నవ్వేశాను. నాలుగో పేజీలో కటింగ్‌కి ఎదురుగా 'కుటుంబ సభ్యురాలు, జీతం లేదు' అని రాయించాను. ఖర్చు తగ్గితే లాభం నిండుగా కనబడుతుంది కదా. నా తెలివికి నేనే మురిసిపోయాను కూడా.

తరవాత ఆయన ఇంకో మెలిక పెట్టాడు. వంద మీటర్ల తానులో ఎన్ని డజన్ల జతలు వస్తాయో నోటి లెక్క చెప్పొద్దు, కోసి చూసి చెప్పమన్నాడు. సరిగ్గా అప్పుడే వదిన రెండు రోజులు పనుందని ఎటో వెళ్లింది. ఎటని నేనూ అడగలేదు. మా ఆయన్ని బల్ల దగ్గర నిలబెట్టాను. కత్తి తీసుకుని మహా ఉత్సాహంగా కోశాడు. నలభై డజన్లు రావాల్సిన తానులో ముప్పై ఆరే వచ్చాయి. మూడుసార్లు లెక్కపెట్టించాను. మిగతాదంతా ముక్కలై నేల మీద పడి ఉంది.

ఆ అంకె తీసుకెళ్తే రిపోర్టులాయన లెక్కకట్టి చూపించాడు. మేం వందకి అమ్మే సరుకులో గుడ్డ ఖర్చే అరవై. నాలుగు డజన్లు తగ్గేసరికి లాభం సగానికి పైగా ఎగిరిపోయింది. కట్టాల్సిన వాయిదాలో ప్రతి రూపాయికీ మా చేతిలో రూపాయిన్నరైనా మిగలాలని బ్యాంకు చూస్తుందట. మాకు ముప్పావలా మిగులుతోంది. నెత్తిన చెయ్యి పెట్టుకుని కూలబడ్డాను.

వదిన తిరిగొచ్చి కోసింది. నలభై డజన్లు. చేతికి అందేంత ముక్క కూడా మిగల్లేదు. ఆ అంకెతో లెక్క మళ్లీ వేయిస్తే రూపాయికి రూపాయీ డెబ్బై పైసలు వచ్చింది. హమ్మయ్య అనుకున్నాను.

"అమ్మా, ఇది మిషను లెక్క కాదు, మనిషి లెక్క. ప్రెస్సు వచ్చినా గుడ్డ మీద అచ్చు ఎక్కడ పెట్టాలో మనిషే చూడాలి" అన్నాడాయన.

"ఉందిగా మనిషి!" అన్నాను. రిపోర్టు బ్యాంకులో ఇచ్చేశాను.

పదిహేను రోజులకి బ్యాంకు నుంచి ఫీల్డాఫీసరు వచ్చింది. చిన్నపిల్ల, గట్టిగా ముప్పై ఉండవు. షెడ్డంతా చూసింది, మిషన్లు లెక్కపెట్టింది, కరెంటు మీటరు ఫొటో తీసుకుంది. నేను మంచినీళ్లిచ్చి కుర్చీ వేశాను. కూర్చుని ఫైలు తెరిచి అడిగింది.

"ఒకే ఇంటి నుంచి రెండు అప్లికేషన్లు ఎందుకు పెట్టారమ్మా? రెండింట్లోనూ కటింగ్ ప్రెస్సు ఉంది. ఒకే ప్రెస్సుకి రెండు లోన్లు తీసుకుంటున్నారేమో చూసి రమ్మన్నారు మా మేనేజరు గారు."

"రెండేంటండీ? మేం ఒక్కటే పెట్టాం! ఎవరో మా అడ్రసు వాడుకున్నారు!"

మా ఆయన ఇంకా పైకి లేచాడు. "పక్క వీధి వాడే అయ్యుంటాడు, వాడి అంతు చూస్తాను!"

"రెండోది నాదండీ."

కటింగ్ బల్ల దగ్గర్నుంచి వచ్చింది ఆ మాట. వదిన చేతిలో సుద్ద పక్కన పెట్టి, చేతులు దులుపుకుంటోంది. షెడ్డులో ఆరు మిషన్లూ ఒక్కసారి ఆగిపోయాయి. పందొమ్మిదేళ్లుగా ఒకే వంటింట్లో తిరుగుతున్న మనిషి, ఉప్పు అయిపోయిందని కూడా నాతో చెప్పే మనిషి, నాకు తెలియకుండా బ్యాంకుకెళ్లి లోన్ అడిగిందా?

"అక్కా! నువ్వా?" అన్నాడు మా ఆయన.

"నేనేరా."

నాకు కోపం వరద వచ్చినట్టు వచ్చింది. "ఎంత పని చేశావు వదినా! మా ఇంట్లో ఉండి, మా అన్నం తిని, మా వెనకాలే గొయ్యి తీస్తావా? నీకేం తక్కువ చేశామని?"

"అన్నం పెట్టావు, కాదన్లేదు. కూరలు కూడా బాగా చేస్తావు." ఆవిడ గొంతు పెంచలేదు. చేతిసంచిలోంచి ఓ రిపోర్టు తీసి నాకిచ్చింది. "చదువు. తిట్టేది చదివాక తిట్టు."

అట్ట చూడగానే నేను మళ్లీ అదిరిపడ్డాను. అదే నీలం అట్ట, అవే అక్షరాలు. రిపోర్టులాయన! ఇద్దరి దగ్గరా ఫీజు తీసుకుని నోరు మెదపలేదు ఆ పెద్దమనిషి!

"ఆయన్నేం అనకు. నీ సంగతి నాకూ చెప్పలేదు" అంది వదిన.

పేజీలు తిప్పాను. వెనక సందులో రెండు గదులు అద్దెకి, ఒక ప్రెస్సు, అచ్చులు, ఒక కటింగ్ బల్ల. గుడ్డ ఎవరిదో వాళ్లు తెచ్చిస్తే కోసి ఇచ్చి, డజనుకింత అని కూలి తీసుకునే యూనిట్. రెండు రోజులు ఎటెళ్లిందో అప్పుడర్థమైంది. గదులు చూసుకోవడానికి, ప్రెస్సు కొటేషన్ తెచ్చుకోవడానికి. మనుషుల పట్టికలో మొదటి పేరు ఆవిడదే, కటింగ్ మాస్టరు. ఎదురుగా నెల జీతం. కుట్టేవాళ్లకి మేమిచ్చే దానికి రెట్టింపు. కస్టమర్ల పేజీలో మూడు యూనిట్లున్నాయి. మొదటిది మాదే.

ఆ వరస మళ్లీ చదివాను. కళ్లు మోసం చేస్తున్నాయేమోనని వేలు పెట్టి చదివాను. "మమ్మల్ని ఎందుకు రాశావు?"

"మరెవర్ని రాయను? మీ గుడ్డ నాకు తెలిసినట్టు ఎవరికి తెలుసు?" అంది. "ప్రెస్సు కొంటారని తెలిశాక, మరి నేనేం చెయ్యాలో ఎవరైనా చెప్తారని చూశాను. ఎవరూ చెప్పలేదు. మీ రిపోర్టు మొదటి చిత్తు తెచ్చి వంటింటి బల్ల మీద పెట్టావు చూడు, అందులో చూసుకున్నాను. నాలుగో పేజీలో ఉన్నాను."

"ఒక్క మాట నాతో అనాల్సింది వదినా."

"అది రాయించేటప్పుడు నువ్వు నన్నొక మాట అడగాల్సింది."

నాకు సిగ్గేసింది. కోపమనుకుని తల పైకెత్తుదామనుకున్నాను కానీ అది సిగ్గే.

ఫీల్డాఫీసరు మెల్లగా గొంతు సవరించుకుంది. "ఆవిడ ఫైల్లో ఒక్క కాగితం తక్కువుందమ్మా. అనుభవం సర్టిఫికెట్. పనిచేసిన యూనిట్ ఓనరు రాసి సంతకం పెట్టాలి. అంటే మీరే. మీరు రాయకపోతే ఆవిడది ముందుకి కదలదు."

"రాస్తే మాది?"

"మీ లెక్క మారుతుంది. కటింగ్‌కి జీతం లేకుండా నడుస్తుందని మేమింక ఒప్పుకోలేం. మీరు ప్రెస్సు తీసేసి, కుట్టుమిషన్లకే లోన్ అడిగి, ఆవిడకి కటింగ్ కూలి రాసుకోవచ్చు." కాలిక్యులేటర్ తీసింది. "డజనుకి ఎంత తీసుకుంటారమ్మా?"

వదిన చెప్పింది. ముందే ఆలోచించుకున్న అంకె.

"అంతా?" అన్నాడు మా ఆయన.

"అంతే" అంది వదిన.

ఆ పిల్ల నొక్కి చూసింది. "రూపాయికి రూపాయీ ఇరవై వస్తోంది. చాలదు. వాయిదాలు ఐదేళ్లకి బదులు ఏడేళ్లు పెట్టుకుంటే రూపాయిన్నర అంచుకి రావచ్చు. వస్తుందని మాత్రం మాటివ్వలేను. కొత్త రిపోర్టు వేయించుకు రండి."

మా ఆయన నా చెవి దగ్గరికి వచ్చాడు. "సంతకం పెట్టకు. ఇప్పుడు పెట్టకు. ముందు మన లోన్ రానీ, ఆర్డరు పోతే నడిబజార్లో పడతాం. అక్క ఎక్కడికి పోతుంది?"

నేను అన్న మాటే. అచ్చు నేను అన్న మాటే ఆయన నోట్లోంచి విన్నాను. ఈ మనిషి కోసిన తానులో నాలుగు డజన్లు నేల మీద పోయాయి. పందొమ్మిదేళ్లు ప్రతి తానులోనూ ఆ నాలుగు డజన్లూ ఆవిడ మాకు మిగిల్చింది. మేం తిన్నది, పిల్లల్ని చదివించింది, ఈ షెడ్డు రేకులు, అన్నీ ఆ నాలుగు డజన్లే. ఆవిడ మా అన్నం తిందని అన్నాను నేను, పదిమంది ముందు.

"ఆ ఫారం ఇటివ్వండి" అన్నాను.

పేరు రాశాను. పని: కటింగ్. ఎన్నేళ్లు: పందొమ్మిది. ఆ కింద 'ఇచ్చిన నెల జీతం' అని ఖాళీ గడి ఉంది. అక్కడ నా చెయ్యి ఆగిపోయింది.

"వదినా, మంచి అంకె వేస్తాను. నీ లోన్‌కీ మంచిది" అన్నాను.

"ఉన్నది రాయి."

మా ఆయన వైపు చూశాను. నేల మీద ఏదో ముక్క ఏరుతున్నాడు. గడిలో సున్నా వేసి, కింద సంతకం పెట్టి ఇచ్చాను.

ఫీల్డాఫీసరు చదువుకుంటూ వచ్చి అక్కడ ఆగింది. నా వైపు, వదిన వైపు చూసి, ఫారం నా ముందుకి జరిపింది.

"ఇక్కడ పొరపాటు పడ్డట్టుందమ్మా."

"పొరపాటు కాదండీ. అంతే ఇచ్చాం" అన్నాను.