అద్దె కట్టిన మూడు నెలలు

రిజిస్టర్డ్ పోస్టులో వచ్చిన నోటీసును కళ్ళద్దాల దుకాణం యజమానురాలు నిలబడే చదివింది. రెండో పేరాకి వచ్చేసరికి కుర్చీ వెతుక్కుంది. దుకాణం గది సొంతదారు పోయి నాలుగు నెలలైంది. ఇప్పుడు ఆయన కొడుకు వకీలు చేత రాయించాడు: మూడు నెలల అద్దె బకాయి, పదిహేను రోజుల్లో కట్టి గది ఖాళీ చేయాలి, లేకుంటే కోర్టు.

ఆమె చూపు గోడవారగా నేలకు బిగించిన అద్దాలు కోసే యంత్రం మీద పడింది. దాన్ని పీకి మరోచోట బిగించి సరిచూసుకోవాలంటే నెల పడుతుంది. పద్దెనిమిదేళ్ళుగా ఈ గడపకి అలవాటుపడ్డ కళ్ళన్నీ ఈలోగా వేరే దుకాణం చూసుకుంటాయి.

"కట్టిన అద్దెకి బకాయా? వాడి కళ్ళు నెత్తికెక్కాయే! నాలుగు దులిపి రాయి," అన్నాడు భర్త.

"దులపడానికి చీపురు మీ చేతిలోనే ఉందిగా, ముందు ఆ గాజుపొడి ఊడ్వండి," అని ఆమె బీరువా తీసింది.

అద్దె ప్రతి నెలా అయిదో తేదీన ఆమె ఖాతా నుంచి వెళ్తుంది. అగ్రిమెంటులో రాసిన ఖాతాకే, అంటే పెద్దాయన, ఆయన భార్య ఇద్దరి పేరు మీద ఉన్న దానికే. ఆయన పోయాకా అలాగే వెళ్ళింది. ఖాతా మార్చమని ఎవరూ చెప్పలేదు. బ్యాంకుకి వెళ్ళి మూడు చెల్లింపుల వివరం తీసుకుని ముద్ర వేయించుకుంది. దేవుడి పటం ముందు దణ్ణం పెట్టుకుని, తెల్లకాగితం మీద జవాబు తనే రాసుకుంది. మర్నాడు ఆ కాగితాలన్నీ పట్టుకుని లాయరమ్మ దగ్గరికి వెళ్ళింది. ఆ పిల్ల మొదటి కళ్ళజోడు ఈ దుకాణంలోదే.

లాయరమ్మ చదివి నవ్వింది. "బాగా రాశారమ్మా. తిట్లు లేవు, ఏడుపు లేదు. ఈ చివరి వాక్యం మాత్రం కొట్టేస్తున్నా."

ఆ వాక్యం ఇది: 'మా వల్ల ఏదైనా పొరపాటు జరిగి ఉంటే మన్నించండి, గొడవ వద్దు, ఒక నెల అద్దె మళ్ళీ కట్టడానికైనా సిద్ధం.'

"అది మర్యాద కోసం రాశాను తల్లీ."

"మీకది మర్యాద. అవతలి వకీలుకి అది ఒప్పుకోలు. 'బకాయి ఉందని ఆవిడే రాసింది చూడండి' అని జడ్జిగారి ముందు పెడతాడు."

ఆమె ఆ వాక్యాన్ని మళ్ళీ చదువుకుంది. తగ్గి మాట్లాడితే పుణ్యమే అని ఇన్నాళ్ళూ అనుకుంది. చేయని తప్పుకి తగ్గడం కూడా పుణ్యమేనా స్వామీ, లేక అదీ ఒక రకం అబద్ధమేనా? ఆలోచిస్తే అబద్ధంలాగే ఉంది. "కొట్టెయ్," అంది.

జవాబు ఒక పేజీలో తేలింది. మూడు చెల్లింపుల తేదీలు, మొత్తాలు, బ్యాంకు నంబర్లు. ఖాతా మారిస్తే రాతపూర్వకంగా చెప్పాలన్న అగ్రిమెంటు షరతు, అలాంటి కాగితం రాలేదన్న మాట. బకాయి లేదు కనుక నోటీసు వెనక్కి తీసుకోవాలి. ఇకపై ఏ ఖాతాకి కట్టాలో మీరూ మీ అమ్మగారూ సంతకాలతో తెలపండి. అందాకా పాత ఖాతాకే కడతాం. నకళ్ళు జతచేసి, అందినట్టు సంతకం తిరిగొచ్చే కార్డుతో రిజిస్టర్ చేశారు.

"ఇంత చప్పగానా?" అన్నాడు భర్త, నకలు చదివి.

"కారం మీ నోట్లో ఉండనీండి, కాగితం మీద వద్దు."

కార్డు తిరిగొచ్చిన నాలుగో రోజు, సాయంత్రం కొడుకే దుకాణానికి వచ్చాడు. వేరే ఊళ్ళో ఉద్యోగం, ఎండకి కందిన మొహం. కూర్చోమంటే అంచున కూర్చున్నాడు.

"అమ్మ పాస్‌బుక్కు చూశానండీ. మూడూ పడ్డాయి. నేను నా ఖాతా చూసుకుంటూ కూర్చున్నా. మీకు చెప్పమని బ్రోకరుకి చెప్పాను, వాడు చెప్పనేలేదు. సరే, ఆ నోటీసు సంగతి వదిలెయ్యండి ఆంటీ."

భర్త నోరు తెరవబోయాడు. ఆమె చూసిన చూపుకి గాజుపొడి ఊడ్వడానికి వెళ్ళాడు.

"సంతోషం బాబూ. కాగితం మీద వచ్చింది కదా, కాగితం మీదే పోనీ."

అతని మొహం చిన్నబోయింది. "నా మాట మీద నమ్మకం లేదా?"

"ఉంది నాయనా. మీ నాన్నగారి మాట మీదా ఉండేది. అయినా అగ్రిమెంటు రాద్దామన్నది ఆయనే."

అతను అబ్బో అన్నట్టు తల ఊపి నవ్వేశాడు. ఆమె కాగితం, పెన్ను ముందుకు జరిపింది. మూడు నెలల అద్దె ముట్టిందనీ, నోటీసు రద్దు చేసుకున్నాననీ, అద్దె అమ్మ ఖాతాలోనే పడనివ్వమనీ రాశాడు. సంతకం చేశాడు. అమ్మ సంతకం రేపు పెట్టించి తెస్తానని లేవబోయాడు.

ఆమె కాగితాన్ని వెలుగుకి పట్టి, మొదటి అక్షరం నుంచి చివరిదాకా నింపాదిగా చదివింది.

"తేదీ వెయ్యలేదు బాబూ," అంది.