ఎదురింటి ఫ్యాను

గాలివానకు వీధంతా కరెంటు పోయింది. ఇంట్లోనే నడుపుతున్న బేకరీ ఫ్రీజర్లో క్రీము కరిగిపోతోందని పెళ్లాం దగ్గర మొగుడు ఒకటే గోల. రెండు కొసలకూ ప్లగ్గులు బిగించిన వైరుతో జనరేటర్ని గోడ సాకెట్టుకు తగిలించేశాడు.

"చేంజోవర్ స్విచ్ పెట్టించాకే వాడమన్నాడు కదండీ మా తమ్ముడు? అదుంటే ఇంటికి వీధి లైనో, జనరేటరో, ఏదో ఒక్కటే కలుస్తుందట."

"లైన్‌మన్ కదా, మీవాడికి అన్నీ భయాలే!"

జనరేటర్ గుర్రుమంది. లైట్లు వెలిగాయి. ఎదురింటి పిన్నిగారు గుమ్మంలోకొచ్చి చప్పట్లు కొట్టింది.

"కరెంటొచ్చిందే! మా ఫ్యాను తిరుగుతోంది!"

పెళ్లాం గిరుక్కున మొగుడి వైపు తిరిగింది. వీధికి కరెంటు రాలేదు, తమ ఇంట్లోంచే వీధిలోకి పోతోంది!

"మెయిన్ స్విచ్ ఆపారా?"

మొగుడు మెయిన్ వైపు చూశాడు. అది ఆన్‌లోనే ఉంది. ఆమె ఒక్క ఉరుకున వెళ్లి జనరేటర్ ఆపేసి, వీధిలోకి పరుగెత్తింది.

లైను బాగుచేయడానికొచ్చి, ఎదుటి స్తంభం మీద టెస్టర్ పట్టుకుని బిగుసుకుపోయి ఉన్నాడు తమ్ముడు. మెల్లగా దిగి, స్తంభానికి ఆనుకుని కూలబడ్డాడు.

"టెస్టర్ వెలిగిందక్కా. అసలు అది పెట్టకుండానే వైరు పట్టుకోబోయాను, మీ వీధేగా, మీకు ముందే చెప్పాగా అని."