ఒంపేసిన నూనె

బావకి డబ్బా కొట్టుకోవడం పుట్టుకతోనే వచ్చింది. అందుకే కాబోలు, నానా ఉద్యోగాలూ చేసి విసిగిపోయాక, చివరికి డబ్బాల వ్యాపారంలోనే దిగాడు. డబ్బాలో నూనెలో నిలవ ఉండే ట్యూనా చేప, డబ్బాలోని శనగలు, నాలుగు కూరగాయ ముక్కలు, పైన కాస్త తెల్లటి సాసు. అన్నీ కలిపి అట్టపెట్టెలో పెట్టి, పక్క వీధి జిమ్‌కి పంపించడం. పెట్టె మీద ఒక లేబుల్. ఆ లేబులే అసలు సరుకు. లోపల ఉన్నది ఎవరైనా వండుతారు, పైన రాసింది నమ్మించడమే గొప్ప. "ఒంట్లో ఒంపులు కావాలా? డబ్బాలో నూనె ఒంపెయ్యాలి!" అని బావ జిమ్ గోడకి ఒక పోస్టరు కూడా అంటించి వచ్చాడు.

లేబుల్ మీద అంకెలు రాసేది బావమరిది. అతగాడు గ్రాము తేడా వస్తే అన్నం మానేసే రకం కాబట్టి, ఇంట్లో అందరూ కాటా అనే పిలుస్తారు. కాటా వెయ్యడం అతని పని, కాటు వెయ్యడం బావ పని.

మొదట్లో శనగల దగ్గరే ఇద్దరికీ చెడింది.

"డబ్బా మీద నాలుగు వందల గ్రాములని ఉంది కదరా. వందకి ఏడు గ్రాముల ప్రొటీన్ అనీ ఉంది. నాలుగేళ్ళు ఇరవై ఎనిమిది. రాసెయ్."

"నాలుగు వందలు నీళ్ళతో కలిపి బావా. నీళ్ళు ఒంపితే శనగలు రెండు వందల నలభై. ఆ ఏడు గ్రాములు ఒంపిన శనగలకి చెప్పిన లెక్క. అంటే డబ్బా మొత్తానికి పదిహేడు."

"మరి మిగతా పదకొండు?"

"అవి లేవు. నువ్వు నీళ్ళకి కండలు కట్టావు."

బావ ఆ పదకొండు గ్రాముల కోసం మనిషి పోయినంతగా బాధపడ్డాడు. కానీ కాటా వినలేదు. ట్యూనాకీ అదే పద్ధతి. డబ్బాలో నూటఅరవై గ్రాములుంటే, నూనె ఒంపాక మిగిలే చేప నూటపన్నెండు. కేలరీలు రెండు వందల ఇరవై. అర డబ్బా శనగలకి నూటనలభై ఐదు. ముక్కలకీ, సాసుకీ కలిపి నలభై ఐదు. వెరసి పెట్టెకి నాలుగు వందల పది. సాసు తెల్లగా పలచగా ఉంది, పెరుగుసాసై ఉంటుందిలే అని దాన్ని మాత్రం కంటితోనే తూచాడు. మిగతావన్నీ తూచా తప్పకుండా రాసిన మనిషి, ఆ ఒక్కదాన్నీ తూచకుండా రాసేశాడు.

ఆ పెట్టెలకి మహారాజ పోషకుడు జిమ్ కోచ్. జిమ్‌లో తినేవాళ్ళందరూ ఆయన మాట మీదే తింటారు. ఆయన మానేస్తే వాళ్ళూ మానేస్తారు, వాళ్ళు మానేస్తే వంటింటి షట్టరు దించుకోవలసిందే. ఆ సంగతి బావ రోజూ కాటాకి గుర్తు చేస్తుండేవాడు, పొద్దున పళ్ళు తోముకున్నావా అని అడిగినంత మామూలుగా. ఇప్పుడా కోచ్ బరువులెత్తే పోటీకి పేరిచ్చాడు. ఎనభై మూడు కిలోల విభాగం. ఆయనేమో ఎనభై ఐదు. మూడు వారాలు పూటకో పెట్టె చొప్పున రెండు పూటలా ఇవే తిని, రోజుకి ఏడు వందల కేలరీలు తగ్గించుకుంటే రెండు కిలోలూ దిగిపోతాయని లెక్క వేసుకున్నాడు. వేసుకున్నవాడు ఊరుకోకుండా జిమ్‌లో అందరికీ చాటాడు కూడా.

పోటీ ఇంక వారం ఉందనగా, కోచ్ వంటింటి తలుపు తోసుకుని వచ్చాడు. తలుపు ఇరుకు, మనిషి వెడల్పు, కోపం ఇంకా వెడల్పు.

"ఎవరమ్మా ఇక్కడ లెక్కల మాస్టారు?"

అందరూ కాటా వైపు చూశారు. ఆ క్షణంలో కుటుంబమంతా ఎంత ఐకమత్యంగా ఉందో!

"నేనే సార్."

"ఎనభై ఐదు. మొదలుపెట్టిన రోజున ఎనభై ఐదు. ఈ రోజు పొద్దున ఎనభై ఐదు. నీ పెట్టెలు తినీ తినీ నేను తగ్గలేదు తమ్ముడూ, పెరగలేదు కూడా. నన్ను ఫోటో తీసి గోడకి తగిలించినట్టుంది."

"బయటేమైనా తింటున్నారేమో అని..." బావ నోరు జారాడు.

"నేనా?" అన్నాడు కోచ్. బావ వెంటనే నీళ్ళు నమిలాడు. అవి కేలరీలు లేని పదార్థం కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.

"నాకు తెలిసింది చెప్తా వినండి. మీరు నూనె ఒంపకుండా కలిపేస్తున్నారు. లేబుల్ మీదేమో ఒంపిన లెక్క రాస్తున్నారు. అవునా కాదా? అవునంటే రేపటి నుంచి పెట్టెలు వద్దు. నాకే కాదు, ఎవరికీ."

కాటా ముఖం ఎర్రబడింది. తిట్టినా పడతాడు గానీ తూకాన్ని అంటే పడడు. ఒక ట్యూనా డబ్బా తెచ్చి, గిన్నె మీద జల్లెడ పెట్టి, మూత తీసి బోర్లించాడు. గరిటెతో నొక్కాడు. పసుపుపచ్చటి నూనె గిన్నెలోకి దిగింది. చేపని తూకం మిషను మీద పెట్టాడు.

"చూడండి సార్. నూటపన్నెండు."

కోచ్ వంగి చూశాడు. కళ్ళద్దాలు పెట్టుకుని మళ్ళీ చూశాడు. తన కోపానికి ఆధారం లేకుండా పోయినందుకు కొంచెం నిరాశపడ్డాడు.

"రోజూ ఇలాగే ఒంపుతారా?"

"రోజూ. ఒక్కో డబ్బాకీ."

"నేనే ఒంపుతాను బాబూ," అంది పొయ్యి దగ్గర్నుంచి అత్తయ్య. ఆవిడ బావకి తల్లి, కాటా అక్కకి అత్తగారు, ఆ వంటింటికి సర్వాధికారి. "చుక్క ఉండనివ్వను. పిండి మరీ తీస్తాను."

బావ ఛాతీ విరుచుకున్నాడు. "విన్నారుగా! మా దగ్గర మోసం ఉండదండీ. మా అమ్మ చెయ్యి పడిందంటే..."

కాటా గెలుపుతో గిన్నె ఎత్తి, అందులోని నూనె సింకులో పారబోయబోయాడు.

"అయ్యయ్యో! ఆగు!" అత్తయ్య ఒక్క అంగలో వచ్చి గిన్నె లాక్కుంది. "పారబోస్తావేంటి, బంగారం లాంటి నూనె! నీకేమన్నా మతి పోయిందా?"

కాటా ఖాళీ చేతులతో ఆవిడ వైపు తిరిగాడు.

"అత్తయ్యా," అన్నాడు కాటా మెల్లగా, "మరి మీరు రోజూ దాన్ని ఏం చేస్తారు?"

"ఏం చేస్తాను? సాసు చేస్తాను."

"సాసు... పెరుగుతో కదా చేస్తారు?"

"పెరుగా? పెరుగు ఎవరు కొన్నారు? మీ బావా? అడిగితే ఖర్చంటాడు. ఉన్నవాటితోనే సర్దుకుంటున్నాను." ఆవిడకి ఉత్సాహం వచ్చింది. శనగల డబ్బా ఒంపిన జిగట నీళ్ళు ఒక గిన్నెలో పోసి బీటరు పెట్టి తిప్పింది. నీళ్ళు నురగై తెల్లబడ్డాయి. ట్యూనా నూనెని దారంలా సన్నగా పోస్తూ తిప్పింది. నిమ్మకాయ పిండింది, మిరియాలు చల్లింది. నూనె అన్నది కంటికి కనిపించకుండా మాయమైంది. తెల్లగా, అమాయకంగా, పాల మీద ఒట్టేసినట్టుంది సాసు. "ఏ పెట్టె నూనె ఆ పెట్టెకే. దేవుడి సాక్షిగా ఒకరిది ఒకరికి వెయ్యను."

ఎంత న్యాయమో! ముందు గుమ్మం గుండా సాగనంపిన నూనెని, పెరటి గుమ్మం దగ్గర ఎదురెళ్ళి, స్నానం చేయించి, తెల్లబట్టలు కట్టి, మళ్ళీ అదే ఇంట్లో కూర్చోబెట్టింది.

"నూనె ఎంత?" అన్నాడు కోచ్.

కాటా ఇంకో డబ్బా ఒంపి, ఆ నూనె కొలిచాడు. నమ్మకం కుదరక రెండుసార్లు కొలిచాడు. "జల్లెడకీ గిన్నెకీ అంటుకున్నది పోను, పెట్టెకి నలభై గ్రాములు సార్. గ్రాముకి తొమ్మిది. మూడు వందల అరవై కేలరీలు. శనగనీళ్ళలో కేలరీలు లేనట్టే, ఉప్పు మాత్రం ఉంది."

"రెండు పెట్టెలకి?"

"ఏడు వందల ఇరవై."

"నేను తగ్గించుకుంది?"

"...ఏడు వందలు."

కోచ్ అక్కడున్న శనగల కార్టన్ మీద కూలబడ్డాడు. కార్టన్ కుయ్యిమంది. "అందుకే ఆ సాసు అంత బాగుండేది," అన్నాడు దీనంగా. "ఇన్నాళ్ళూ పెట్టె అడుగు నాకేశానయ్యా."

అత్తయ్య మురిసిపోయింది. ఆ జనంలో ఆవిడకొక్కదానికే శుభవార్త అందింది.

కోచ్ వెళ్ళాక బావ గొంతు సవరించుకున్నాడు. "ఒరేయ్ కాటా, ఒక చిన్న మాట రాద్దాం. 'సాసు మినహా' అని. కింద, చీమలు చదివే సైజులో. అంకె మార్చక్కర్లేదు."

"ఒంపానని రాసి వంపులు తిరగమంటావా? నేను రాయను."

"రాయకపోతే షట్టరే. నీకూ నాకూ పని పోతుంది."

"పోతే పోనీ. నేను కంటితో తూచిన ఒక్క దాని వల్లే ఈ గోలంతా. ఇంకోసారి ఆ పని చెయ్యను."

"ఏమండీ, వాణ్ణి వదిలెయ్యండి," అంది అక్క పెట్టెలు మడుస్తూ. "మీకు కొవ్వెక్కితే నోట్లో ఎక్కుతుంది. వాడు రాసేది పెట్టెలో ఎక్కిన కొవ్వు."

కాటా కూర్చుని రెండు లేబుళ్ళు చేశాడు. పెట్టెకొకటి, సాసు కప్పుకొకటి. సాసు వేరే కప్పులో, మూత పెట్టి, పైన మూడు వందల అరవై అని పెద్ద అంకెలతో. కోచ్ పెట్టెకి మాత్రం ఉప్పునీళ్ళ ట్యూనా తెప్పించాడు. నూనె డబ్బాని ఎంత ఒంపినా చేప పీల్చుకున్నది ఎక్కడికీ పోదు, అందుకే రెండు వందల ఇరవై. ఉప్పునీళ్ళదైతే ఒంపాక నూటపాతిక. ఇంత తేడా ఉంటుందని చెప్పి, కప్పు లేకుండా, ఒట్టి నిమ్మరసంతో స్వయంగా తీసుకెళ్ళి ఇచ్చాడు. ఇది నచ్చకపోతే రేపటి ఆర్డరు లేదన్న సంగతి ఇద్దరికీ తెలుసు.

కోచ్ జిమ్ మధ్యలో, శిష్యులందరి ముందూ, పెట్టె విప్పాడు. ఒక ముద్ద పెట్టుకున్నాడు. నమిలాడు. ఇంకా నమిలాడు. బెంచీ మీద పడుకుని బరువెత్తుతున్న కుర్రాడు రెండు సెట్లు పూర్తి చేసి లేచాడు, ఆయన ఇంకా నములుతూనే ఉన్నాడు. కాటా కళ్ళార్పకుండా నిలబడ్డాడు.

"తమ్ముడూ," అన్నాడు కోచ్ చివరికి, మింగి, నీళ్ళు తాగి. "ఇది తింటే తగ్గుతానంటావు?"

"తగ్గుతారు సార్. వారంలో రెండు కిలోలని మాత్రం చెప్పలేను. లెక్క ప్రకారం ముప్పావు కిలో."

"అంటే ఎనభై మూడుకి దిగను."

"దిగరు సార్."

"ఇది తిన్నా దిగను."

"దిగరు."

కోచ్ పెట్టె మూశాడు. ముఖంలో ఒక మహానుభావుడి ప్రశాంతత వచ్చింది. శిష్యుల వైపు తిరిగాడు.

"వినండ్రా. పై విభాగంలో ఎత్తుతున్నాను. తొంభై మూడు కిలోలు. ఎనభై మూడంటే మరీ పిల్లల ఆట. నాలాంటి వాడికి తక్కువవుతుంది."

ఎవరూ నవ్వలేదు. నవ్వినవాడికి ఆ సాయంత్రం కాళ్ళ వ్యాయామం ఉంటుందని అందరికీ తెలుసు.

"కాకపోతే," అని కోచ్ కాటా భుజం మీద చెయ్యి వేశాడు, "అక్కడ అందరూ తొంభై రెండూ, తొంభై మూడూ ఉంటారు. నేను ఎనభై ఐదుతో వెళ్తే ఎండిపోయినట్టు కనిపిస్తాను. ఆ నూనె పెట్టెలే పంపించు. కప్పుతో సహా. కప్పుంది కదా?"

కాటా సంచిలోంచి కప్పు తీసి ఇచ్చాడు. కోచ్ కళ్ళద్దాలు పెట్టుకుని లేబుల్ చదివాడు. కనుబొమలు ముడిపడ్డాయి.

"మూడు వందల అరవయ్యేనా?" అన్నాడు. "ఇంతేనా?"