పదహారు మ్యాట్ల చోటు

యోగా టీచరమ్మ తన క్లాసులోని పెద్దకోడలికి ఫోన్ చేసి పెట్టేశాక చాలాసేపు ఆ కుర్చీలోంచి లేవలేదు. అవతలావిడ తిట్టినా బాగుండేది. "పరవాలేదులేమ్మా, చోటు లేకపోతే నువ్వు మాత్రం ఏం చేస్తావు" అని, చివర్లో చిన్న నవ్వు కూడా నవ్వింది. ఆ నవ్వే గుచ్చుకుంది.

పెద్దకోడలు, చిన్నకోడలు అన్నవి క్లాసులో మిగతావాళ్లు పెట్టిన పేర్లు. ఇద్దరూ ఒకే ఇంటి తోడికోడళ్లు. ఒకే ఇంట్లో పైనా కిందా కాపురముంటూ ఏళ్ల తరబడి ఎడమొహం పెడమొహంగా ఉన్నవాళ్లు. పెద్దావిడకు నడుం నొప్పి, చిన్నావిడకు మెడ నొప్పి. ఒకరికి తెలియకుండా ఒకరు వచ్చి క్లాసులో చేరారు. మొదటి రోజు తలుపు దగ్గర ఎదురుపడి ఇద్దరూ వెనక్కి తిరగబోయారు. మిగిలిన చోటు పక్కపక్కనే ఉండటంతో అలాగే పడుకోవాల్సి వచ్చింది. కొన్నాళ్లకు పెద్దావిడ నడుం పట్టేస్తే చిన్నావిడే లేపి కూర్చోబెట్టింది. ఇప్పుడు ఇద్దరూ ఒకే స్కూటర్ మీద వస్తున్నారు. దారంతా కీచులాడుకుంటూ వస్తారనుకోండి, అది వేరే సంగతి.

చేరినవాళ్లలో వాళ్లే ఆఖరు. అందుకే కత్తి వాళ్ల మెడ మీద పడింది.

పాత హాలు పైకప్పు కారుతోందని మూసేశారు. వెతగ్గా వెతగ్గా దొరికింది ఈ కొత్త హాలు. సోమవారం పొద్దున్నే క్లాసు మొదలుపెట్టాలి. మాట్లాడుకోవడానికి వెళ్లిన రోజు హాలు మేనేజరు ఛాతీ విరుచుకుని చెప్పాడు.

"అరవై కుర్చీలు వేస్తామండీ ఇందులో. మీ పదహారు మంది ఓ మూలకి సరిపోతారు."

టీచరమ్మ ఆ మాట నమ్మి అడ్వాన్సు ఇచ్చేసింది. తర్వాత టేపు పట్టుకుని కొలిస్తే అసలు రంగు బయటపడింది. కుర్చీలో కూర్చున్న మనిషికి కాస్త చోటు చాలు. మ్యాట్ మీద పడుకుని కాళ్లూ చేతులూ చాపే మనిషి సంగతి అలా కాదు.

హాలు పొడుగు ముప్ఫై నాలుగు అడుగులు, వెడల్పు ఇరవై ఒకటి. మ్యాట్ ఆరడుగుల పొడుగు, రెండడుగుల వెడల్పు. మనిషికీ మనిషికీ మధ్య పక్కలకు రెండడుగులు, ముందూ వెనకా రెండడుగులు వదలడం ఆమె మొదటి నుంచీ పెట్టుకున్న నియమం. పాత హాల్లోలాగే ఒక చివర గోడ దగ్గర తన చోటుకు ఎనిమిది అడుగులు తీసేసింది. మిగిలిన పొడుగులో మూడు వరసలే వచ్చాయి. వరసకు అయిదు మ్యాట్లు. ఆరోది వేయబోతే ఒక అడుగు తక్కువైంది. మొత్తం పదిహేను. అది కూడా దక్కలేదు. పొడుగు గోడ మధ్యలో తలుపుంది. మధ్య వరసలో అంచు మ్యాట్ సరిగ్గా దాని ముందుకొచ్చింది. తలుపుకు అడ్డంగా మనిషిని పడుకోబెట్టడం కుదరని పని. పద్నాలుగు.

ఎలా లెక్కేసినా ఇద్దరు బయటే. అందుకే ఆదివారం పొద్దున ఆ ఫోన్.

అదే రోజు మధ్యాహ్నం సుద్దముక్కలతో నేల మీద గుర్తులు పెట్టడానికి ఆమె అత్తగారిని వెంటబెట్టుకుని హాలుకు వెళ్లింది. అత్తగారు డెబ్బై దాటిన మనిషి. క్లాసులో చేరలేదు గానీ కోడలు ఎక్కడికెళితే అక్కడికి తోడు రావడం ఆవిడకు సరదా.

"అమ్మాయ్, మొహమేంటి అలా వాడిపోయింది?"

టీచరమ్మ చెప్పింది. అత్తగారు నడుం మీద చేతులు పెట్టుకుని హాలంతా ఒకసారి కలయజూసింది.

"ఇంత గది పెట్టుకుని ఇద్దరు ఆడవాళ్లకి చోటు లేదంటావేంటే? కాస్త సర్దుకోమంటే సరిపోయె."

నిజానికి టీచరమ్మ మనసులోనూ అదే ఊగుతోంది. పక్కల ఖాళీ రెండడుగుల బదులు అడుగున్నర చేస్తే వరసకు ఆరు మ్యాట్లు పడతాయి. తలుపు దగ్గరిది పోయినా పదిహేడు. సమస్య చిటికెలో తీరిపోతుంది. అరడుగేగా, ఎవరు చూడొచ్చారు?

"సరే అత్తయ్యా, చూద్దాం. మీరు ఇక్కడ పడుకోండి."

అడుగున్నర దూరంలో రెండు మ్యాట్లు పరిచి, ఒకదాని మీద అత్తగారిని పడుకోబెట్టి, రెండోదాని మీద తను పడుకుంది. క్లాసులో చేతులు పక్కకు చాపేటప్పుడు అందరూ ఒకే వైపు, ఒక్కో చేయే చాపాలన్నది ఆమె పద్ధతి. రెండడుగుల ఖాళీ ఉంటే చేయి పక్కమనిషి మ్యాట్ అంచు దాకా వెళ్లి ఆగిపోతుంది. ఇప్పుడు కళ్లు మూసుకుని ఎప్పట్లాగే కుడిచేయి చాపింది. వేళ్లు వెళ్లి అత్తగారి కళ్లద్దాలకు తగిలాయి.

"చంపేశావే!" అంటూ అత్తగారు లేచి కూర్చుంది. "కన్ను పోయేది. ఇదేనా నీ యోగా?"

టీచరమ్మ నవ్వింది గానీ, లోపల మాత్రం బెదిరింది. క్లాసులో భుజానికి ఆపరేషన్ చేయించుకున్న మాస్టారొకరున్నారు. ఆయన భుజానికి ఇలాంటి దెబ్బే తగిలితే? పైగా వెన్ను సరిచేయడానికి వరసల మధ్య తను నడవాలి. చాపిన చేతులు దాటుకుంటూ ఈ సందులో నడిస్తే ఎవరి వేళ్ల మీదో కాలు వేయడం ఖాయం. రెండడుగులు తగ్గించేది లేదు. ఆ ఆశ అక్కడితో ఆరిపోయింది.

మ్యాట్లు చుట్టి పెడుతుండగా తలుపు తోసుకుని హాలు మేనేజరు వచ్చాడు.

"ఎలా ఉందండీ? చెప్పాగా, బోలెడు చోటని."

అతనికి బదులు చెప్పడానికి టీచరమ్మ తలుపు దాకా వచ్చింది. తలుపుకు వీపు పెట్టి, హాలు వైపు తిరిగి నిలబడి, "ఎక్కడండీ బోలెడు" అనబోయి ఆగిపోయింది. అటు చివరి గోడ, ఇటు చివరి గోడ రెండూ ఒకే దూరంలో కనిపిస్తున్నాయి. ఎదురుగోడ నాలుగంగల్లో ఉన్నట్టుంది. తను ఇక్కడ నిలబడితే ఎవరూ దూరమవరు. పైగా ఈ తలుపు ముందు ఖాళీ ఎలాగూ వదలాల్సిందే. ఆ ఖాళీయే తన చోటైతే?

మేనేజరును అలాగే వదిలేసి టేపు అందుకుంది. పొడుగు గోడ వెంట వరస వేస్తే ఎనిమిది మ్యాట్లు. ముప్ఫై అడుగులు పోయి, ఇంకా నాలుగడుగులు మిగులుతోంది. రెండు వరసలైతే పదహారు! ఇక వెడల్పు. ఇరవై ఒకటిలోంచి తన ఎనిమిది అడుగులు తీసేస్తే పదమూడు. రెండు వరసలకు, మధ్య ఖాళీతో పద్నాలుగు కావాలి.

ఒక్క అడుగు. అదీ వెనక గోడకు కాళ్లు తగలకుండా ఉండే ఖాళీ వదలకుండానే. టీచరమ్మ టేపు చేతిలో పట్టుకుని నేల మీద కూలబడింది.

"మళ్లీ ఏమైందే?"

"నా చోటు అడ్డమొస్తోంది అత్తయ్యా. నాకు ఎనిమిదడుగులు కావాలి."

"నీకొక్కదానికి ఎనిమిదడుగులా? ఏనుగువా?"

"మ్యాటే ఆరడుగులు. ముందు కాస్త, వెనక కాస్త. వాళ్ల వైపు కాళ్లు పెట్టి పడుకోవాలి కదా."

అత్తగారు కళ్లద్దాలు తుడుచుకుంటూ అంది. "వాళ్ల వైపు కాళ్లు చాపితే వాళ్లకి నీ పాదాలు తప్ప ఇంకేం కనిపిస్తాయి? మొన్న నువ్వు ఇంట్లో సోఫా ముందు అడ్డంగా పడుకుని నడుం పైకి లేపావు చూడు, అప్పుడు నాకంతా తెలిసింది, ఎక్కడ వంగాలో, ఎక్కడ లేవాలో."

టీచరమ్మ టేపు పట్టుకుని చటుక్కున లేచింది. మ్యాట్ అడ్డంగా వేస్తే దానికి పట్టేది రెండడుగులే. గోడకు ఒకడుగు, ముందు రెండడుగులు వదిలినా మొత్తం అయిదు. ఇరవై ఒకటిలో అయిదు పోతే పదహారు. రెండు వరసలకు పద్నాలుగు, వెనక గోడకు రెండడుగులు. పక్కనుంచి చూస్తే వంపులూ ఎత్తులూ ఇంకా బాగా తెలుస్తాయి కూడా.

"అత్తయ్యా!" అని ఆవిడను పట్టుకుని ఊపేసింది.

"వదలవే, ఇందాక కన్ను, ఇప్పుడు భుజమా?"

ఆ సాయంత్రం దాకా ఇద్దరూ గుర్తులు గీశారు. తన మ్యాట్ తలుపుకు సూటిగా కాకుండా కాస్త పక్కకు వేసుకుంది, రాకపోకలకు దారి ఉండాలని. ముందు వరసను ఎడమగోడకు అడుగు దూరంలో మొదలుపెట్టింది. వెనక వరసను మూడడుగుల దూరంలో. అలా జరపడంతో వెనకవాళ్లకు ముందు ఇద్దరి మధ్య సందులోంచి ఆమె కనిపిస్తుంది. కుడిచివర వెనక వరసకు ఇంకా ఒకడుగు మిగిలింది. మేనేజరు అంతా చూసి, "అరవై మంది హాల్లో పదహారు మందికి ఇంత తంటాలా!" అని తల విదిలించి వెళ్లిపోయాడు.

అక్కడి నుంచే ఆమె పెద్దకోడలికి ఫోన్ చేసింది.

"వదినగారూ, రేపు వచ్చేయండి. ఇద్దరూ. చోటుంది."

పెద్దావిడ గొంతు సన్నగా వినిపించింది. "నా మీద జాలిపడి ఇంకెవర్నీ తీసేయలేదు కదా?"

"ఎవర్నీ తీయలేదు. ఒట్టు. అందరూ పట్టారు."

"చోటు లేదన్న మాట పొద్దుటి నుంచి దీనికి చెప్పలేదమ్మా" అని, ఫోన్ పక్కకు తిప్పి గట్టిగా కేకేసింది. "ఏమే, రేపు త్వరగా తయారవు! ఎప్పుడూ నీవల్లే ఆలస్యం!" మెట్ల పైనుంచి చిన్నావిడ ఏదో ఘాటుగా జవాబిచ్చింది. టీచరమ్మ ఫోన్ పెట్టేసి కళ్లు తుడుచుకుంది. పొద్దుటి నుంచి గుండెల మీద కూర్చున్న బరువు దిగిపోయి, ఒళ్లు దూదిలా తేలిపోయింది.

సోమవారం అందరూ వచ్చారు. గుర్తులు చూసి ఎవరి చోట్లో వాళ్లు మ్యాట్లు పరిచారు. భుజం ఆపరేషన్ మాస్టారు వెనక వరసలో కుడిచివర పడుకున్నారు. చేతులు కుడివైపు చాపమన్నప్పుడు గోడ తగలకుండా ఆయన మోచేయి మడిచి ఉంచారు, ఎడమవైపు చాపమన్నప్పుడు నిండుగా చాపారు. పక్కమనిషికి తగల్లేదు. టీచరమ్మ అడ్డంగా పడుకుని నడుం పైకెత్తి చూపించగానే, "ఇన్నాళ్లూ నేను తప్పు చేస్తున్నానా!" అని ఎవరో పైకే అనేశారు. హాలంతా నవ్వింది.

ఆఖర్న అందరూ కళ్లు మూసుకుని విశ్రాంతిగా పడుకున్నప్పుడు ఆమె వరసల మధ్య మెల్లగా నడిచింది. రెండడుగుల దారిలో ఎవరికీ కాలు తగల్లేదు. ముందు వరసలో తోడికోడళ్లు పక్కపక్కనే ఉన్నారు. చిన్నావిడ సన్నగా గురక పెడుతోంది. పెద్దావిడ కళ్లు తెరవకుండానే చేయి చాపి ఆమె మ్యాట్ అంచు మీద రెండుసార్లు తట్టింది. గురక ఆగింది.

క్లాసు అయ్యాక మ్యాట్లు చుట్టేసుకుంటుంటే ఒకాయన దగ్గరకొచ్చాడు.

"మా బావమరిది కూడా చేరతానంటున్నాడమ్మా. ఒక్కడే, సన్నటి మనిషి. ఓ పక్కన పడుంటాడు."

టీచరమ్మ నేల మీది సుద్దగీతల వైపు చూసింది. తర్వాత హాయిగా, ఏ మొహమాటమూ లేకుండా నవ్వింది.

"సన్నగా ఉన్నా చేతులు అందరివీ ఒకే పొడుగండీ. సాయంత్రం ఇంకో బ్యాచ్ పెడతాను. అందులోకి పంపండి."